వారం తర్వాత మూడు వాక్యాలు

మా వీధిలో సారిక ఏ మాట మొదలుపెట్టినా "ఏమనుకోకండి" అనే మొదలుపెడుతుంది. కరెంటు మాకొక్కళ్ళకే పోయిందా, మీకూ పోయిందా అని అడగడానికి వచ్చినా సరే, ముందు ఆ మాట అనాల్సిందే. నిడదవోలు రైల్వే గేటు దగ్గర ఆటోవాడు చిల్లర తక్కువిస్తే, "ఏమనుకోకండి, ఇందులో పది రూపాయలు తగ్గినట్టున్నాయండి" అని తనే తప్పు చేసినట్టు అడుగుతుంది. వాడు ఏమీ అనుకోకుండా బండి తోలుకుపోతాడు. చూస్తూ ఉంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. పేరు దేవకుమారి. అయినా వీధిలో అందరికీ టీచరుగారినే. సారికకు నేను చదువు చెప్పలేదు కానీ, దాని ఉత్తరాలూ దరఖాస్తులూ అన్నీ నా కళ్ళజోడు కింద నుంచే వెళ్తాయి. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద నుంచే నాకు వాళ్ళ సంగతులన్నీ తెలుస్తాయి. తెలుసుకోవాలని నేను ప్రయత్నించకపోయినా తెలుస్తాయి, ఎందుకంటే వాళ్ళమ్మ సూరమ్మ గొంతు అలాంటిది.

సూరమ్మ ఒకప్పుడు ఊడ్పులకూ కలుపులకూ వెళ్ళేది. భర్త ఏసురాజు పోయాక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. చదువుకోలేదు కానీ ప్రార్థనలో నిలబడిందంటే మా లూథరన్ సంఘంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. అడిగేటప్పుడే దొరికిందని నమ్మాలి, నమ్మితే ముందే స్తోత్రం చెప్పేయాలి, అన్నది ఆవిడ పద్ధతి. ఏసురాజు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా బాగైపోయాడని స్తోత్రం చెప్పింది. ఆయన బాగవలేదు. అయినా పద్ధతి మార్చుకోలేదు. ఆ నమ్మకం మీద నాకు చిరాకూ ఉంది, గౌరవమూ ఉంది. రెండూ ఒకేసారి ఉండటం ఎలాగో నన్నడగకండి.

సారిక బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. కాలేజీలో ల్యాబు అంటే ప్రాణం పెట్టేది. ఆ తర్వాత ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో సైన్సు టీచరుగా చేరింది. అక్కడ ల్యాబంటే ఆఫీసు గదిలో తాళం వేసి ఉన్న అద్దాల బీరువా. అందులో నాలుగు బీకర్లూ, ఎప్పుడో రంగు వెలిసిపోయిన లిట్మస్ కాగితాలూ ఉంటాయి. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు తాళం తీస్తారు. మిగతా రోజుల్లో పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ బోర్డు మీద బొమ్మలే. సారిక ఆ బొమ్మలు చక్కగా వేస్తుంది. వేస్తున్నప్పుడల్లా తనకి సిగ్గేస్తుందని ఒకసారి నాతో చెప్పింది.

కిందటి వేసవి సెలవుల్లో కాకినాడ దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీవాళ్ళు తమ ల్యాబులో క్వాలిటీ అసిస్టెంటు కావాలని ప్రకటన ఇచ్చారు. కెమిస్ట్రీ చదివినవాళ్ళు చాలు, అనుభవం అక్కర్లేదు, రెజ్యూమే మెయిల్లో పంపండి అని ఉంది. సారిక ఆ ప్రకటనని ఫోనులో దాచుకుని రెండు రోజులు చూసుకుంటూ కూర్చుంది. మూడో రోజు నా దగ్గరికొచ్చి, "ఏమనుకోకండి టీచరుగారూ, ఇది నాకు సరిపోతుందంటారా" అని అడిగింది. నేను తిట్టి పంపించాను. ఆ సోమవారమే దరఖాస్తు పెట్టింది.

ఆ తర్వాత ఏమీ లేదు. అందిందన్న మాట లేదు, వద్దన్న మాట లేదు. సారిక రోజంతా ఫోను చేతిలో పెట్టుకుని తిరిగింది. అన్నం తింటూ మెయిలు తెరిచేది, బట్టలారేస్తూ తెరిచేది. స్పాం అనే పెట్టెలో పడిపోయిందేమోనని అదీ వెతికేది. ఆ పెట్టెలో అప్పులిస్తామనేవాళ్ళ మెయిళ్ళు మాత్రం బోలెడున్నాయి. ఫోను చేసి అడుగుదామంటే ప్రకటనలో నంబరు లేదు, మెయిలు ఒక్కటే ఉంది. వాళ్ళు ఎదురుగా కనబడితే "ఏమనుకోకండి" అని అడిగేదేమో కానీ, కనబడనివాళ్ళని ఏమని అడుగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం మా స్త్రీల సమాజం కూడిక. పాట అయ్యింది, బైబిలు వాక్యం అయ్యింది, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల దగ్గరికొచ్చేసరికి సూరమ్మ లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుని, "మా అమ్మాయికి కాకినాడ కంపెనీలో ఉద్యోగం దయచేసిన ప్రభువుకి స్తోత్రం" అంది. అందరం స్తోత్రం అన్నాం. నేనూ అన్నాను. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆ మాటకి అర్థం తెలుసు. అది ఉద్యోగం వచ్చిందన్న కబురు కాదు, వస్తుందన్న నమ్మకం. మా దగ్గర అలా చెప్పడం మామూలే. ఎవరూ ఆర్డరు కాగితం చూపించమని అడగరు.

కానీ ఆ గదిలో సారిక పనిచేసే స్కూలు వ్యానులో పిల్లల్ని ఎక్కించే ఆయా కూడా ఉంది. మనసు మంచిది. సాయంత్రం స్కూలు యజమాని ఇంటికి పాలు పోయడానికి వెళ్ళి, సంతోషం పట్టలేక, సారికమ్మకి కాకినాడలో కంపెనీ ఉద్యోగమొచ్చిందండి అని చెప్పేసింది. అబద్ధం చెప్పాలని కాదు. ప్రార్థన గదిలో విన్నది విన్నట్టే చెప్పింది. గుమ్మం దాటాక ఆ మాటలోంచి నమ్మకం రాలిపోయి కబురు ఒక్కటే మిగిలింది.

స్కూలు యజమాని రమేష్ బాబు గారిని అందరూ కరస్పాండెంట్ గారంటారు. ఆయనకి మా సంఘం పద్ధతులు ఏం తెలుస్తాయి. పైగా మే నెలాఖరు, వచ్చే ఏడాదికి ఎవరు ఉంటున్నారో ఎవరు పోతున్నారో తేల్చుకుని టైంటేబుల్ వేసుకునే రోజులు. ప్రైవేటు స్కూళ్ళలో టీచర్లు సెలవుల్లోనే మాయమైపోతారు, స్కూళ్ళు తెరిచాక కానీ తెలియదు. ఈవిడ సంగతి ముందే తెలిసింది కదా అని ఆయన సంతోషించి, శనివారం పొద్దున స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో సారిక మేడమ్‌కి హృదయపూర్వక అభినందనలు అని పెట్టేశాడు. కింద పూలగుత్తి బొమ్మ. దాని కింద వరసగా టీచర్లందరి చప్పట్లు. తెలుగు మాస్టారు నాలుగు లైన్ల పద్యం కూడా పెట్టారు.

సారిక ఆ ఫోను పట్టుకుని ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. వెనకాలే సూరమ్మ. ఆవిడకి ఇంకా సంగతి పూర్తిగా అర్థం కాలేదు, ఇంతమంది అభినందిస్తుంటే పిల్ల ఎందుకు ఏడుస్తోందో తెలియక నా మొహం చూసింది.

నేను చెప్పాను. కాకినాడవాళ్ళు ఏమీ చెప్పలేదు, ఇక్కడివాళ్ళు ఉన్నది ఊడబెరికారు, అని. కాస్త కటువుగానే చెప్పాను. సూరమ్మ అక్కడే గుమ్మంలో కూలబడింది. "నేను దేవుడితో చెప్పుకున్నానండి, ఊళ్ళో చెప్పలేదండి" అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

కరస్పాండెంట్‌కి ఫోను చేసి ఉన్నమాట చెప్పమన్నాను. సారిక చేసింది. ఆయన నవ్వి, దాచుకోవడం ఎందుకండీ, మంచి విషయమే కదా, మేమేం అడ్డుపడం అన్నాడట. ఇంకా ఖాయం కాలేదండి అని ఈ పిల్ల రెండు మూడుసార్లు అంది. గట్టిగా అనలేకపోయింది. గట్టిగా అంటే అమ్మ గుళ్ళో అబద్ధం చెప్పినట్టవుతుందని భయం, ఇక్కడ ఉంటానని మాటిచ్చేశాక అక్కడ వస్తే ఏమిటన్న భయం ఇంకొకటి. చివరికి ఆయనే, సరేనండి, బుధవారం టైంటేబుల్ వేసేస్తాను, ఆ లోపల ఉంటారో వెళ్తారో ఒక్కమాట చెప్పండి, మీ సీటుకి ఒకరిద్దరు అడుగుతున్నారు అన్నాడట.

అంటే బుధవారంలోగా కాకినాడవాళ్ళ నోట ఔనో కాదో రావాలి. ఔనంటే పోవచ్చు. కాదంటే ఇక్కడ సీటు నిలబెట్టుకోవచ్చు. ఏమీ అనకపోతే రెండూ పోతాయి. హాస్టలు వంట జీతం ఏ మూలకూ రాదు, ఇల్లు నడిచేది ఈ పిల్ల జీతం మీద. అన్నం పెట్టే ఉద్యోగం ఒకటి, ఆశపెట్టే ఉద్యోగం ఒకటి, రెండింటి మధ్య ఈ మౌనం వచ్చి కూర్చుంది.

సోమవారానికి దరఖాస్తు పెట్టి వారం అవుతుంది. వారం ఆగిన తర్వాత ఒకసారి అడగడంలో తప్పులేదు, అది మర్యాదే. సోమవారం పొద్దున ఆఫీసులు తెరిచే వేళకి వెళ్ళేలా మెయిలు రాయమని చెప్పాను. ఆదివారం రాస్తే సెలవు రోజు కిందపడి ఉంటుంది, పైన ఇంకో యాభై వచ్చి పడతాయి. కొత్త మెయిలు కాదు, మొన్న పంపినదానికే జవాబుగా పంపాలి, అప్పుడు దరఖాస్తు దాని కిందే ఉంటుంది, వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు అని కూడా చెప్పాను. ఉద్యోగం పేరు ఉండాలి, దరఖాస్తు పెట్టిన తేదీ ఉండాలి, కింద మన పేరూ ఫోను నంబరూ ఉండాలి. అంతే.

సారిక ఆదివారం గుడి నుంచి వచ్చాక కూర్చుని రాసింది. సాయంత్రం తెచ్చి చూపిస్తే అది మెయిలు కాదు, కన్నీటి కాలువ. మొదట్లోనే మీ అమూల్య సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి అని ఉంది. తర్వాత వాళ్ళకి పనులెక్కువని తనకి తెలుసునని ఒక పేరా. తర్వాత స్కూలు సంగతి, వాట్సాప్ గ్రూపు సంగతి, బుధవారం గడువు సంగతి. సూరమ్మ గోడ అవతల నుంచి, ఇంట్లో మగదిక్కు లేదని కూడా రాయమ్మా అంటోంది.

నాకు తిక్క రేగింది. "కాకినాడవాళ్ళు నిన్ను తొందరపెట్టారా సారికా? స్కూలువాళ్ళని తొందరపెట్టారా?" అన్నాను. "నీ కష్టం వాళ్ళ నెత్తిన ఎందుకు పెడతావు? చదివినవాడికి జాలేస్తే వేస్తుంది, కానీ ఉద్యోగం జాలితో ఇవ్వరు. బుధవారం లోపల చెప్పండి అంటే బెదిరించినట్టుంటుంది. కష్టాలు తీసెయ్. క్షమాపణ తీసెయ్. అడగాల్సింది అడుగు."

"ఏమనుకోకండి, అవన్నీ తీసేస్తే ఇంకేం మిగుల్తుందండి?"

"మూడు వాక్యాలు మిగుల్తాయి" అన్నాను.

ఆ మూడింటి కోసం చీకటి పడేదాకా కూర్చున్నాం. ఒక్కొక్క మాట తీస్తుంటే ఆ పిల్ల ఒంటి మీద నగ తీస్తున్నట్టు చూసింది. తీసినకొద్దీ నాకూ లోపల ఏదో అయింది. ఎందుకంటే తీసేసినవే నిజాలు. మిగిలినవి మర్యాదలు. కానీ అక్కడ కంపెనీ కుర్చీలో కూర్చుని చదివేవాళ్ళకి కావలసింది అంతే. అరనిమిషంలో చదివి, అరనిమిషంలో జవాబివ్వగలిగేదిగా ఉండాలి.

ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. "మీ సంస్థలో క్వాలిటీ అసిస్టెంటు ఉద్యోగానికి కిందటి సోమవారం దరఖాస్తు పంపాను, ఆ ఉద్యోగంలో పనిచేయాలన్న ఆసక్తి నాకు ఇప్పటికీ ఉంది. ఎంపిక ఏ దశలో ఉందో, ఎప్పటికి తెలిసే వీలుందో చెప్పగలిగితే కృతజ్ఞురాలిని. నా సర్టిఫికెట్లు గానీ ఇంకేమైనా వివరాలు గానీ కావలసివస్తే వెంటనే పంపిస్తాను." ముందు నమస్కారం, చివర ధన్యవాదాలు, పేరు, నంబరు.

అమ్మకి చదివి వినిపించింది. సూరమ్మ అంతా విని, ఇంతేనా అంది. ఆవిడ దేవుడితో మాట్లాడితే గంట పడుతుంది.

సోమవారం పొద్దున మెయిలు వెళ్ళింది. సారిక పంపే మీట నొక్కి ఫోను బోర్లా పెట్టేసింది. ఆ రోజంతా మాకెవరికీ పని తోచలేదు. బయట రోళ్ళు పగిలే ఎండ. మధ్యాహ్నం వాళ్ళింట్లో గిన్నె కిందపడిన చప్పుడు వినబడితే జవాబొచ్చిందేమోనని నేను లేచి గోడ దగ్గరికి వెళ్ళాను. పిల్లి. సాయంత్రం దాకా ఏమీ రాలేదు. మరోసారి పంపనా అని సారిక అడిగింది. వద్దన్నాను. ఒకసారి అడిగితే గుర్తుచేసినట్టు, వెంటనే మళ్ళీ అడిగితే మీద పడినట్టు. ఈ తేడా తనకి చెప్పగలిగాను కానీ, ఆగడం ఎలాగో చెప్పలేకపోయాను. ఆగడం నాకే చేతకావడం లేదు.

మంగళవారం భోజనాల వేళ దాటాక సారిక వచ్చింది. ఈసారి "ఏమనుకోకండి" అనలేదు. ఫోను నా చేతిలో పెట్టి పక్కన నిలబడింది.

జవాబొచ్చింది. మర్యాదగా ఉంది. గుర్తుచేసినందుకు ధన్యవాదాలు, మీ దరఖాస్తు అందింది, ఎగుమతి ఆర్డర్లు తగ్గినందువల్ల ప్రస్తుతం ఈ ఉద్యోగానికి ఎంపిక నిలిపివేశాం, మీ వివరాలు మా దగ్గర ఉంచుకుని అవకాశం వచ్చినప్పుడు తెలియజేస్తాం. కింద ఎవరో అమ్మాయి పేరు, హోదా.

దెబ్బలాడటానికి అందులో ఒక్క మాట లేదు. వాళ్ళు ఈ పిల్లని కాదనలేదు. ఈ పిల్ల ఎవరో కూడా వాళ్ళకి తెలియదు. ఎక్కడో ఏ దేశంలోనో రొయ్యలు కొనేవాళ్ళు తగ్గారు, ఇక్కడ నిడదవోలులో సారికకి ల్యాబు పోయింది. ఎవరిని తిట్టాలో తెలియక నేను ఆ కంపెనీని మొత్తంగా తిట్టాను. ఏం లాభం. ఆ జవాబిచ్చిన అమ్మాయి మంచిది. ఇవ్వకుండా ఊరుకుని ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, బుధవారం గడిచిపోయేది.

సూరమ్మ గోడ దగ్గరికొచ్చి నిలబడింది. కూతురు చెప్పింది విన్నది. స్తోత్రమూ అనలేదు, ఏడవనూ లేదు. "శుక్రవారం నాడు ఏం చెప్పనమ్మా?" అని అడిగింది. ఎవరిని అడిగిందో తెలియదు.

ఇప్పుడిక స్కూలు సీటు నిలబెట్టుకోవాలి. ఫోనులో మెత్తగా మాట్లాడి మళ్ళీ తప్పుడు అర్థం తెప్పిస్తుందేమోనని, బుధవారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే నేనే వెంటబెట్టుకుని బయల్దేరాను. సెలవుల్లో స్కూలు బోసిగా ఉంది. కరస్పాండెంట్ రమేష్ బాబు గారు ఆఫీసు గదిలో టైంటేబుల్ చార్టు పరుచుకుని కూర్చున్నారు. లేచి నిలబడి నాకు కుర్చీ వేశారు. మనిషి మంచివాడే. ఫ్యాను మా వైపు తిప్పారు, మజ్జిగ తెప్పించారు.

సారిక చెప్పింది. ఉద్యోగం రాలేదండి, ఆపేశారండి, నేను ఇక్కడే ఉంటానండి. ఈసారి స్పష్టంగానే చెప్పింది. వచ్చిందని పొరపాటుగా ఎలా ప్రచారమైందో మాత్రం చెప్పలేదు. అమ్మ పేరు రానివ్వలేదు. ఆయన పాపం నొచ్చుకున్నారు. అయ్యో, గ్రూపులో కూడా పెట్టేశానే అన్నారు. తర్వాత, "మీ సీటు ఎక్కడికీ పోలేదండి. మీలాంటి మేడమ్‌ని పోగొట్టుకుంటామా" అని చార్టు మీద పెన్సిల్‌తో రాసిన ఏదో పేరు రబ్బరుతో చెరిపేశారు. సారిక రెండు చేతులూ జోడించింది.

అంతటితో లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ సారిక చార్టు వంకే చూస్తూ, ఆ పేరు ఎవరిదండి అని అడిగింది.

ఆయన ఏ దాపరికం లేకుండా చెప్పారు. సత్యశ్రీ అని ఒకమ్మాయి, పెద్దాపురం నుంచి పెళ్ళై ఈ మధ్యే ఇక్కడికొచ్చింది. కిందటి వారం వచ్చి దరఖాస్తు ఇచ్చి వెళ్ళింది. అప్పుడు ఖాళీ లేదు కాబట్టి ఏమీ చెప్పలేదు. సారిక వెళ్ళిపోతోందనుకున్నాక రేపు పిలిచి చెబుదామనుకున్నారు. ఇంకా చెప్పలేదు. "పొద్దున్నే మెసేజ్ కూడా పెట్టిందండి. ఎంత మర్యాదగా అడిగిందో చూడండి" అని ఫోను తెరిచి మా ముందు పెట్టారు.

నేను కళ్ళజోడు సర్దుకుని చదివాను. సార్, కిందటి మంగళవారం మీ స్కూల్లో సైన్సు టీచరు పోస్టుకి దరఖాస్తు ఇచ్చాను. మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందో దయచేసి చెప్పగలరా. డెమో క్లాసు చెప్పమన్నా, సర్టిఫికెట్లు తెమ్మన్నా ఏ రోజైనా వస్తానండి. కింద పేరు, నంబరు.

సారిక అది ఒకసారి చదివి ఊరుకోలేదు, మళ్ళీ చదివింది. నేను తన మొహం చూడలేక గోడ మీద ఉన్న గ్రూపు ఫోటోలు చూశాను. ఆ మూడు వాక్యాల్లోంచి సత్యశ్రీ ఏమేం తీసేసిందో మా ఇద్దరికీ తెలుసు. ఏ వంటింట్లో కూర్చుని తీసేసిందో, ఎవరు ఇంతేనా అన్నారో తెలియదు కానీ, తీసేసిందని తెలుసు.

"ఈవిడకి ఏం చెబుతారండి?" అని అడిగింది సారిక.

ఆయన తేలిగ్గా, "చెప్పక్కర్లేదండి. జవాబివ్వకపోతే ఆవిడే అర్థం చేసుకుంటుంది" అన్నారు. అందులో దురుసుతనం ఏమీ లేదు. లోకంలో అందరూ చేసేదే. కాదు అని ముఖాన చెప్పడం కంటే ఊరుకోవడం మర్యాద అని మనవాళ్ళ నమ్మకం.

సారిక చూపు మళ్ళీ చార్టు మీదికి వెళ్ళింది. సీటు ఒక్కటే. అది తనదే, న్యాయంగా తనదే, వదులుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ అమ్మాయికి ఇచ్చేయండి అనే దొడ్డమనసు మా వీధిలో ఎవరికీ అందుబాటులో లేదు. నేను తన చెయ్యి పట్టుకుని పద అన్నాను. లేవలేదు.

"ఏమనుకోకండి సార్. ఊరుకోవద్దండి. ఏదో ఒకటి చెప్పేయండి."

ఆయన ఇబ్బందిగా నవ్వారు. చేదుమాట ఎలా రాయాలో నాకు తెలియదండి, కావాలంటే మీరే కొట్టిపెట్టండి అని ఫోను సారిక చేతికే ఇచ్చారు.

తన సీటు అడిగిన అమ్మాయికి సీటు లేదని సారిక తన వేళ్ళతోనే రాయాల్సి వచ్చింది. మొదటి వాక్యం త్వరగానే రాసింది, మీ దరఖాస్తు అందింది, గుర్తుచేసినందుకు ధన్యవాదాలు అని. రెండోదానికి ఆలస్యమైంది. ఈ ఏడాది సైన్సు పోస్టు ఖాళీ లేదండి అని రాసి, అండి తీసేసి, మళ్ళీ పెట్టింది. మూడోది మీ వివరాలు మా దగ్గర ఉంచుకుని అవకాశం వచ్చినప్పుడు తెలియజేస్తాం అని రాయబోయి ఆగింది. ఉంచుకుంటారా సార్, అని అడిగింది. రాయండి, రాసేదేగా అన్నారాయన. సారిక ఆ వాక్యం చెరిపేసి, మా కోసం ఆగకుండా వేరే చోట్ల కూడా ఇప్పుడే ప్రయత్నించండి అని రాసింది. చివర రమేష్ బాబు అని ఆయన పేరు పెట్టి, ఆయనకి చూపించి, పంపేసింది.

ఫోను ఆయనకి తిరిగి ఇచ్చింది. లేచి నమస్కారం పెడుతుండగానే అది మోగింది. ఆయన చూసి, మొహం విప్పార్చుకుని, మా కోసం పైకి చదివారు.

"థాంక్యూ సార్. ఆరు స్కూళ్ళకి పెట్టానండి. జవాబిచ్చింది మీరొక్కరే."

"చూశారా, కాదన్నా ఎంత సంతోషించిందో" అన్నారు రమేష్ బాబు గారు. అని, వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి కూడా సారికనే తీసుకోమన్నారు. సారిక సరేనండి అంది.